గ్రేసీ రాసిన రెండువందల యాభై మాటలు

"ఏందే గ్రేసీ, ఇక్కడ ర్యాంకు రాదని భయమా నీకు, అందుకేనా ఈ రీసెర్చి పిచ్చి?"

హాస్టల్ మెస్సులో, అందరి ముందూ, చపాతీ నములుతూ నవీన అడిగిన ప్రశ్న ఇది. అడిగిన మనిషికి అందులో ఎత్తిపొడుపు ఉందని కూడా తెలియదు. గ్రేసీ నవ్వేసి పప్పు వడ్డించుకుంది. ఆ ప్రశ్నను మాత్రం ఈ రోజుకీ మరిచిపోలేదు, ఎందుకంటే అది నిజం.

బస్తర్‌లోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఇద్దరూ ఒకే బ్యాచ్. మన దేశంలో ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కావాలంటే ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు. నువ్వు ఏం పరిశోధించావో, ఎక్కడ ఉపన్యసించావో ఎవరూ అడగరు. అమెరికాలో పీజీని రెసిడెన్సీ అంటారు, దాని పద్ధతి వేరు. అక్కడా పరీక్షలుంటాయి, కానీ వాటితోపాటు ఒక దరఖాస్తు ఉంటుంది. అందులో నువ్వు చేసిన పరిశోధనలు, సభల్లో చదివిన పత్రాలు, వాటిలో నీ పేరు ఎన్నోదో అన్నీ వరసగా నింపాలి. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో చూసేవాళ్ళు ఆ వరసనూ చూస్తారు. కాలేజీ పరీక్షల్లో ఎప్పుడూ మధ్యలో ఉండే గ్రేసీకి ఈ సంగతి ఒక సీనియర్ ఆన్‌లైన్ మాటల్లో తెలిసింది. ఒకే ఒక్క పరీక్షతో తేలిపోని లోకం ఒకటి ఉందని తెలిస్తే, మధ్యలో ఉండే మనిషికి ఊపిరాడుతుంది.

నవీన మధ్యలో ఉండే మనిషి కాదు. సుక్మా జిల్లాలో తెలంగాణ సరిహద్దు పక్క పల్లె, మిరప చేలల్లో కూలి చేసే ఇల్లు. తెలుగు ఇంట్లో, దోర్లీ పక్కింట్లో, గోండీ సంతలో, హల్బీ హాస్టల్లో, హిందీ బళ్ళో వచ్చాయి. ఇంగ్లీషు మాత్రం కష్టపడి నేర్చుకుంది. అయినా క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటుంది. తొమ్మిదింటికే నిద్రపోతుంది. గ్రేసీకి అన్నిటికంటే మండేది ఈ నిద్రే.

గ్రేసీది బచేలి. తండ్రి శ్యామ్‌ప్రసాద్ విజయనగరం వైపు నుంచి వచ్చి కిరందుల్ లైనులో ఇనుప ఖనిజం గూడ్సు నడిపే లోకో పైలట్. రైల్వే క్వార్టరు, ఇంగ్లీషు మీడియం, ఆదివారం చర్చి. ఇంట్లో పని చేయడానికి బుధ్రి వచ్చేది. ఆమె మానేశాక వచ్చినామె పేరూ బుధ్రే. గ్రేసీ తల్లి దేవుడమ్మ కొత్తామెను చిన్న బుధ్రి అని పిలిచి ఆ చిక్కు తీర్చేసుకుంది. ఈ చిన్న విషయం ముందుముందు పనికొస్తుంది.

పరిశోధన ఆలోచన గ్రేసీదే. ప్రసూతి వార్డులో కాన్పు అయిన ఆడవాళ్ళలో చాలామందికి రక్తం తక్కువ. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాళ్ళు ఎందుకు వేసుకోలేదు? వాటి గురించి ఎవరు, ఏ భాషలో చెప్పారు? సొంత భాషలో చెప్తే ఎక్కువ వేసుకున్నారా? ప్రతిపాదన రాసింది, కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్‌ను గైడుగా ఒప్పించింది, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం మూడు సార్లు ఫైలు పట్టుకు తిరిగింది. అంతా అయ్యాక తెలిసింది, తను వార్డుకెళ్ళి అడిగితే ఆ ఆడవాళ్ళు హిందీలో "హాఁ" అని మాత్రమే అంటారని. ఏమడిగినా హాఁ. మాత్రలు వేసుకున్నావా, హాఁ. వేసుకోలేదా, హాఁ.

అప్పుడు నవీనను పిలిచింది. పిలవక తప్పలేదు.

నవీన మంచం అంచున కూర్చునేది. ముందు బిడ్డను ఎత్తుకునేది, ముక్కెవరిదో చూసేది, మొగుణ్ణి తిట్టేది. అప్పటికి ఆ తల్లి నవ్వుతుండేది. తర్వాత ప్రశ్నలు. గ్రేసీ పక్కన నిలబడి ఫారంలో గీతలు పెట్టేది. వారం తిరిగేసరికి వార్డులో ఎవరు కనిపించినా "నవీన డాక్టరు రాలేదా" అనడం మొదలైంది. హుంగే అనే బాలింత ఒకసారి గ్రేసీని చూపించి నవీనతో ఏదో అంది, మంచాలన్నీ నవ్వాయి. ఏమందని గ్రేసీ అడిగింది. నవీన తప్పించుకుంది. పట్టుబడితే చెప్పింది: "నీ కాంపౌండరు ఎప్పుడూ మూతి ముడుచుకునే ఉంటదా అని అడుగుతుంది."

ఆలోచన తనది, అనుమతి తనది, ఫారం తనది. తను కాంపౌండరు.

ఒక మధ్యాహ్నం రెండు ఊళ్ళ ఆడవాళ్ళు వరసగా ఒకే మాట చెప్పారు. తమ ఊరి మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త, అంతా చక్కగా చెప్పిందట, కానీ గోళీలు నెలలుగా రాలేదట. నవీన ఆ మాటను గ్రేసీకి చెప్పి, రాసుకోమంది.

"దానికి కాలమ్ లేదు కదే" అంది గ్రేసీ. "ఏ భాషలో చెప్పారు, వేసుకున్నారా లేదా. అంతే."

"గోళీలే లేకపోతే ఏం వేసుకుంటరు?"

"లేదు అని టిక్కు పెట్టు."

నవీన టిక్కు పెట్టింది.

విశాఖపట్నంలో వైద్య విద్యార్థుల జాతీయ సదస్సు ప్రకటన వచ్చింది. అబ్‌స్ట్రాక్ట్, అంటే పరిశోధన సారాంశం, రెండువందల యాభై మాటలు దాటకూడదు. నేపథ్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు అనే నాలుగు భాగాలుండాలి. ఎంపిక చేసేవాళ్ళకు ఎవరు రాశారో తెలియకూడదు కాబట్టి లోపల కాలేజీ పేరు, ఊరి పేరు రాకూడదు. సభలో చదివేది మొదటి పేరున్న విద్యార్థే. బాగున్నవాటికి వేదిక మీద మాట్లాడే అవకాశం, తక్కినవాటికి పోస్టరు. రెసిడెన్సీ దరఖాస్తులో రెండూ రాసుకోవచ్చు, కానీ మొదటి పేరుతో, వేదిక మీద అంటే ఆ బరువు వేరని గ్రేసీ నమ్మకం.

మొదటి పేరు ఎవరిదో మీరే తేల్చుకోండి అన్నారు గైడు మేడమ్. అని ఊరుకోక, ఇంటర్వ్యూలన్నీ నవీనే చేసింది కదా అని హిందీలో ఒక మాట కలిపారు. గ్రేసీ ముఖం మాడిపోయింది. రుజువుల కోసం ఫోనులో పాత మెసేజులు వెతుకుతోంది, మొదట ఆలోచన ఎవరికి వచ్చిందో తేదీతో సహా చూపించడానికి. అంత అవసరమే లేకపోయింది.

"నాకెందుకే అది?" అంది నవీన. "నేను ర్యాంకు కొట్టుకుంట. నీకు పనికొస్తది, నువ్వే పెట్టుకో."

మనుషులు త్యాగం గొప్పదంటారు. అందుకునేవాడి గొంతులో అది ఎలా అడ్డం పడుతుందో ఎవరూ చెప్పరు. పోట్లాడి గెలుచుకుని ఉంటే గ్రేసీ హాయిగా నిద్రపోయేది. నవీన తనకు అక్కర్లేనిది పారేసినట్టు ఇచ్చింది. ఆ రోజు నుంచి గ్రేసీ, ఫారాల వివరాలు ఎక్కించిన ఆన్‌లైన్ లెక్కల షీటు తెరిచే అనుమతి తన ఒక్కదానికే ఉంచుకుంది. నవీన పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం మరో అవమానం.

ఇక్కడే తప్పు జరిగింది. వార్డులో పేపరు ఫారాలు నింపి, సాయంత్రం ఇద్దరూ చెరో ఫోనులో ఎక్కించేవారు. అందువల్ల కొందరి వివరాలు నిజంగానే రెండుసార్లు పడ్డాయి. వాటిని తీసేయాలి. ఆసుపత్రి అడ్మిషన్ నంబరు పేపరు ఫారాల మీద ఉంది, షీటులో లేదు. పేపరు ఫారాలు నవీన పెట్టెలో ఉన్నాయి. అడిగితే ఒక్క నిమిషంలో ఇచ్చేది. గ్రేసీ అడగలేదు. ఒకసారి అడిగితే పక్కన కూర్చుంటుంది, కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకుంటుంది, పట్టుకుంటే అది కూడా నవీన ఘనతే అవుతుంది. షీటులో పేరు, వయసు, ఊరు ఉన్నాయి. మూడూ కలిసిన వరసలను ఒకటిగా చేయమని కంప్యూటరుకు చెప్పింది. అది క్షణంలో చేసి పెట్టింది.

బస్తర్ లోపలి ఊళ్ళలో బుధవారం పుట్టిన పిల్ల బుధ్రి, మంగళవారం పుట్టిన పిల్ల మంగి. ఒక ఊరంటే అక్కడొక పాడా, అంటే చిన్న గూడెం, ఇక్కడొక పాడా కలిపి మైళ్ళ పొడవు. ఆసుపత్రిలో రాసేది పెద్ద ఊరి పేరే. వయసు ఎవరికీ పక్కాగా తెలియదు. చూసి ఇరవై అని, లేకపోతే పాతిక అని రాస్తారు. ఒకే ఊరి నుంచి ఇరవై ఏళ్ళ బుధ్రులు నలుగురు రావడం ఇక్కడ వింత కాదు. ఇంట్లో ఇద్దరు బుధ్రుల చేత గిన్నెలు తోమించుకుని పెరిగిన అమ్మాయికి ఆ సంగతి తోచలేదు.

లెక్క మాత్రం అందంగా వచ్చింది. సొంత భాషలో విన్నవాళ్ళు మాత్రలు ఎక్కువ వేసుకున్నారు. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పే పి విలువ కావలసిన 0.05 గీతకు కింద, 0.03 దగ్గర ఆగింది. ముగింపులో గ్రేసీ మాతృభాషే మందు అన్నంత పని చేసింది. ఊరి పేరు రాకూడదు కనుక బస్తర్ కాస్తా 'మధ్య భారతంలోని ఒక గిరిజన ప్రాంతం' అయింది. మేడమ్ చదివి కళ్ళు తుడుచుకోలేదు గానీ, చాలా బాగుందన్నారు. మాతృభాష అనగానే మెచ్చుకోకపోతే ఎవరేమనుకుంటారోనని అందరికీ భయం.

పంపింది. వేదిక మీద మాట్లాడేందుకు ఎంపికైంది. రిజిస్ట్రేషన్‌కు గడువు చివరి రోజున గ్రేసీ ఫోనులో బ్యాంకు మొరాయించింది. నవీన తన స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి ఇద్దరికీ కట్టేసింది. శ్యామ్‌ప్రసాద్ అయితే విశాఖలో ఉన్న అన్నదమ్ములందరికీ ఫోను చేశాడు.

"ఏటమ్మా, స్టేజీ మీదే గదా?" అని కూతురిని మళ్ళీ మళ్ళీ అడిగాడు. "మీ పెదనాన్నోళ్ళు వత్తారట. లోపలికి రానిత్తారా?"

"రానివ్వరు నాన్నా. బయట నిలబడాలి."

"నిలబడతారులే."

సదస్సుకు పది రోజుల ముందు స్లైడ్లు తయారయ్యాయి. ఖాళీ లెక్చర్ హాల్లో మేడమ్ ముందు చదివి చూపించాలి. అంతకుముందు ఒకసారి నవీన ముందు చదివింది, చూపించకపోతే బాగుండదని. రెండో స్లైడు దగ్గర నవీన చేయెత్తింది.

"నూటతొంభై ఒక్కరేనా? నా పెట్టెలో రెండువందల పద్నాలుగు ఫారాలున్నయి."

"డూప్లికేట్లు తీసేశాను."

"ఏ లెక్కన తీసినవ్?"

గ్రేసీ చెప్పింది. నవీన మొదట నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "నలుగురు బుధ్రులను ఒక్క బుధ్రిని చేసినవా? వాళ్ళ మొగుళ్ళకు తెలిస్తే తంతరే నిన్ను."

గ్రేసీ నవ్వలేదు. తన మనసులో ఉన్నదే ఎదుటివాళ్ళ మనసులోనూ ఉంటుందనుకోవడం అసూయకున్న అలవాటు. "ఇప్పుడు చెప్తున్నావేటి? ఇన్నాళ్ళూ ఏం చేశావు? నేను స్టేజీ ఎక్కుతున్నాననే గదా నీ బాధ?"

నవీన నవ్వు ఆగిపోయింది. "షీటు నాకు చూపించినవా? నేను తెరిస్తే పర్మిషన్ లేదన్నది. నీకేదో పనుందిలే అనుకున్న." లేచి బ్యాగు తగిలించుకుంది. "ఫారాలు తెచ్చిస్త. నువ్వే లెక్కపెట్టుకో. నేను పక్కన కూడ కూర్చోను."

ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గ్రేసీ ఒక్కతే అడ్మిషన్ నంబర్లతో సరిపోల్చుకుంది. మాయమైన ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు తిరిగొచ్చారు. బుధ్రులు, మంగులు, ఎక్కువమంది ఆ రెండు ఊళ్ళవాళ్ళే. మితానిన్ సొంత భాషలో చక్కగా చెప్పినవాళ్ళు, అయినా మాత్రలు వేసుకోనివాళ్ళు. వాళ్ళను కలపగానే తేడా కుంచించుకుపోయింది. పి విలువ 0.2కు ఎగబాకింది. సొంత భాషలో చెప్పడం వల్ల తేడా వచ్చిందని ఇక అనడానికి లేదు.

ఇక్కడ గ్రేసీ మహాత్మురాలైందని రాయాలని ఎవరికైనా ఉంటుంది. కాలేదు. రెండు రోజులు ఊరుకుంది. ఎంపికైన పత్రాన్ని ఎవరూ తిరిగి లెక్కపెట్టరు, ఫారాలు అడగరు, విశాఖలో కూర్చున్న జడ్జికి బుధ్రి ఎవరో తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతి ఎవరికీ చెప్పదని గ్రేసీకి బాగా తెలుసు. అసలు బాధ అదే. నవీన నోరు మూసుకుంటే, వేదిక కూడా నవీన ఇచ్చిందే అవుతుంది. మొదటి పేరు ఒకసారి దానంగా తీసుకుంది. ఇప్పుడు అబద్ధాన్ని కూడా దానంగా తీసుకోవాలి. జీవితమంతా, దరఖాస్తులో ఆ వరస కనిపించినప్పుడల్లా, తొమ్మిదింటికి నిద్రపోయే ఒక మనిషికి రుణపడి ఉండాలి. నిజాయితీ కంటే ఈ ఊహే ఆమెను మేడమ్ గదికి నడిపించింది. కారణం ఏదైతేనేం, నడిచింది.

మేడమ్ తిట్టారు, కానీ గ్రేసీ అనుకున్నదానికి కాదు. షీటులో పేర్లు ఎందుకున్నాయని తిట్టారు. ఒక్కొక్కరికీ ఒక కోడ్ నంబరు ఇవ్వాలి, ఏ నంబరు ఎవరిదో విడిగా తాళం వేసి ఉంచాలి, ఎథిక్స్ కమిటీకి నువ్వు రాసిచ్చిన మాట అదే కదా అన్నారు. అలా చేసి ఉంటే బుధ్రులు కలిసిపోయేవారే కాదు. మాట ప్రకారం చేయలేదని కమిటీకి కూడా నువ్వే రాసివ్వాలన్నారు. చివరికి, సదస్సు వాళ్ళకు ఇవాళే మెయిలు పెట్టు, పాత లెక్క, కొత్త లెక్క, తప్పు ఎలా జరిగిందీ మూడూ రాయి అన్నారు.

సదస్సు కమిటీ మర్యాదగానే జవాబిచ్చింది. ఫలితం మారింది గనుక వేదిక మీద అవకాశం వెయిటింగ్ లిస్టులోని వారికి వెళ్తుంది, సవరించిన అబ్‌స్ట్రాక్ట్ పంపితే పోస్టరుగా తీసుకుంటాం అని.

కొత్త ముగింపు రాయడానికి గ్రేసీకి మాటలు రాలేదు. భాషతో తేడా కనబడలేదు అని ఒక్క ముక్క రాసి, ఆ తర్వాత ఖాళీ. మెస్సులో నవీన ఎదురుగా కూర్చుంది. మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఆ రోజు ఏదో చెప్పావు గదా" అంది గ్రేసీ, పళ్ళెంలోకి చూస్తూ. "బిళ్ళలు రాలేదని."

"కాలమ్ లేదన్నవ్ గదా."

"లేదు. తప్పు నాదే. కానీ అడగనిదాన్ని ఇప్పుడు ఫలితాల్లో రాయకూడదు. మన అధ్యయనం లోపం అని రాయొచ్చు. మాత్రల సరఫరా గురించి మేం అడగలేదు, కొందరు తమంతట తామే ఆ మాట చెప్పారు అని."

నవీన ఆలోచించింది. "గట్ల రాస్తే నీకు నష్టం కాదా?"

"నష్టమే."

"అయితే రాయి" అని నీళ్ళ గ్లాసు ఇటు జరిపింది.

ఇద్దరూ రాత్రి రైలెక్కి విశాఖ వెళ్ళారు. పోస్టరుకు మూలగా, టీ బల్ల పక్కన చోటు దొరికింది. జడ్జి ఒక్కడే వచ్చాడు. ముగింపు చదివి, లోపాల దగ్గర ఆగి, మాట అర్థమైనా మాత్ర అందని ఊళ్ళు ఎన్ని అని అడిగాడు. తెలియదు, అది తదుపరి అడగాల్సిన ప్రశ్న అంది గ్రేసీ. ఇదెవరికి తోచింది అని అడిగాడు. ఒక్క క్షణంలో గ్రేసీకి ఎన్ని అబద్ధాలు ఆడొచ్చో అన్నీ తోచాయి.

"ఈమెకు" అంది, నవీన వైపు చూపించి.

జడ్జి తక్కిన ఐదు నిమిషాలూ నవీనతోనే మాట్లాడాడు. ఫోను నంబరు కూడా తీసుకున్నాడు. గ్రేసీ పక్కన నిలబడి పోస్టరు మూల ఊడుతుంటే వేలితో నొక్కి పట్టుకుంది. కాంపౌండరులాగే.

బయట ఎండలో నిలబడ్డ పెదనాన్నలకు స్టేజీ లేదని చెప్పడం మరో కథ. శ్యామ్‌ప్రసాద్ ఫోనులో విని, "పోన్లేమ్మా, గోడ మీద ఉంటే ఎక్కువమంది చూత్తారు" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ హౌస్‌సర్జన్లు. గ్రేసీ అమెరికా వెళ్ళడానికి రాయాల్సిన స్టెప్ పరీక్షలకు చదువుతోంది. దరఖాస్తు ముసాయిదాలో ఒక వరస నింపి పెట్టుకుంది: పోస్టరు, మొదటి పేరు తనది, రెండో పేరు నవీనది. ఇంటర్వ్యూలో దాని గురించి ఏమడిగినా తడుముకోకుండా చెప్పగలదు, ఆ ధైర్యం మాత్రం వచ్చింది. అసూయ పోలేదు. పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మాత్రల సరఫరా మీద నవీన, ఆ జడ్జి కలిసి మొదలుపెట్టిన కొత్త అధ్యయనంలో గ్రేసీని కూడా చేరమన్నారు. ఎన్నో పేరని అడగబోయి ఆగి, సరే అంది. ప్రశ్నావళిలో ఈసారి కాలమ్ ఉంది. వార్డులో గోండీ నేర్చుకుంటోంది. హుంగే రెండో కాన్పుకు వచ్చి, మూతి ఇంకా ముడుచుకునే ఉందని చెప్పింది. ఈసారి అనువాదం అవసరం పడలేదు.

సదస్సు రిజిస్ట్రేషన్‌కు నవీన కట్టిన పద్దెనిమిది వందల రూపాయలు గ్రేసీ ఇంకా ఇవ్వాలి.